సిఫారసు లేఖలో ఆ ఒక్క పీక్ గురించి రాయండి

ప్రశ్న: నమస్కారం సార్. నేను డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతాను. ఆరేళ్లుగా చివరి ఏడాది ప్రాజెక్టులు కూడా చూస్తున్నాను. నా దగ్గర ప్రాజెక్టు చేసిన అమ్మాయి అనలిటికల్ కెమిస్ట్రీలో మాస్టర్స్‌కి అప్లై చేస్తూ సిఫారసు లేఖ అడిగింది. కూల్‌డ్రింకుల్లో కెఫీన్, బెంజోయేట్ ఎంతున్నాయో హెచ్‌పీఎల్‌సీ మీద కొలిచింది. మధ్యలో బెంజోయేట్ పీక్ ఒకరోజు 6.2 నిమిషాలకు, ఇంకోరోజు 7 నిమిషాలకు రావడం మొదలైంది. కెఫీన్ కదలట్లేదు కాబట్టి తప్పు పంపుది కాదని తనే చెప్పింది. పీహెచ్ 4.1, 4.3, 4.5 బఫర్లు చేసి చూసి, చివరికి మా 4.3 బఫర్‌ని 3.0కి మార్చింది. పీక్ కుదురుకుంది. కానీ ఫిజికల్ కెమిస్ట్రీలో తన మార్కులు తక్కువ. నేను రాసుకున్న లేఖలో "కష్టపడుతుంది, క్రమశిక్షణ ఉంది, అన్ని పరికరాలూ వాడగలదు" అని ఉంది. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. ఎలా రాయాలి? మార్కుల సంగతి ఎత్తాలా, వదిలేయాలా?
— ఒక కెమిస్ట్రీ లెక్చరర్

సమాధానం: మీ ప్రశ్నలో మధ్యనున్న నాలుగు వాక్యాలే మీ లేఖ. మీరు నాకు రాసినంత సూటిగా ఎంపిక కమిటీకి కూడా రాస్తే చాలావరకు పని అయిపోతుంది. లేఖ అనగానే మనలో చాలామందికి ఒక రకమైన సభా మర్యాద వచ్చేస్తుంది. జరిగింది వదిలేసి గుణగణాలు వర్ణించడం మొదలుపెడతాం. అలాంటి లేఖలు చదివే కుర్చీలో చాలాసార్లు కూర్చున్నాను. "కష్టపడుతుంది" అన్న మాట దగ్గర కన్ను ఆగదు. "కెఫీన్ కదలలేదు, బెంజోయేట్ మాత్రమే కదిలింది" అన్న మాట దగ్గర ఆగుతుంది. చదివేవాళ్లు కూడా అదే కాలమ్‌లతో, అదే పంపులతో ఏళ్ల తరబడి తంటాలు పడినవాళ్లు మరి.

అనలిటికల్ కెమిస్ట్రీ కోర్సుకి విద్యార్థిని తీసుకునేవాళ్లు ముఖ్యంగా చూసేది ఒకటుంది. పరికరం ఇచ్చిన అంకెను ఈ మనిషి ఊరికే నమ్మేస్తుందా, అనుమానించగలదా, అనుమానిస్తే ఆ అనుమానాన్ని పరీక్షించడం తెలుసా? మార్కుల జాబితాలో ఇది కనబడదు. విద్యార్థి తన గురించి తాను రాసుకునే వ్యాసంలో చెప్పినా అంత బరువుండదు. పక్కన నిలబడి చూసిన మీరొక్కరే చెప్పగలరు.

ఆ అమ్మాయి చేసిన పనిని ఒకసారి విడదీసి చూద్దాం. అందులో ఎంత ఉందో ముందు మీకు స్పష్టంగా కనబడితే లేఖలోకి అదే వస్తుంది.

రిటెన్షన్ టైమ్ జరిగితే ఎవరైనా ముందు అనుమానించేది ఫ్లో రేటుని, కాలమ్ ఉష్ణోగ్రతని, మొబైల్ ఫేజ్‌లో మిథనాల్ పాలుని. కానీ ఈ మూడింటిలో ఏది మారినా రెండు పీకులూ కదలాలి. ఒకటి నిలబడి రెండోది మాత్రమే జరిగిందంటే, కారణం ఆ రెండో పదార్థానికే ప్రత్యేకమైనదై ఉండాలి. కెఫీన్ ఆ పీహెచ్ దగ్గర అయానుగా మారదు కాబట్టి పీహెచ్ కొంచెం అటూ ఇటూ అయినా దానికి పట్టదు. బెంజోయిక్ ఆమ్లం అలా కాదు. దాని పీకేఏ 4.2. మీ బఫర్ 4.3. అంటే సరిగ్గా తూగుటుయ్యాల మధ్యలో కూర్చోబెట్టారన్నమాట. ఎటు కాస్త బరువు పడినా అటు ఒరిగిపోతుంది.

లెక్క వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పీహెచ్ 4.1 దగ్గర బెంజోయిక్ ఆమ్లంలో దాదాపు 56 శాతం అయానుగా విడిపోకుండా ఉంటుంది. 4.3 దగ్గర అది 44 శాతం. 4.5కి వచ్చేసరికి 33 శాతమే. సీ18 కాలమ్ పట్టి ఉంచేది ముఖ్యంగా ఈ విడిపోని భాగాన్నే. అది తగ్గినకొద్దీ పీక్ ముందుకు వచ్చేస్తుంది. ఇవి నీటిలో విలువలు. మిథనాల్ కలిస్తే పీకేఏ కొంచెం పైకి జరుగుతుంది కానీ కథ మారదు. ఇప్పుడు 3.0 చుట్టూ చూడండి. 2.8 దగ్గర 96 శాతం, 3.2 దగ్గర 91 శాతం. పీహెచ్‌లో అదే 0.4 తేడాకి అక్కడ 23 శాతం ఊగింది, ఇక్కడ 5 శాతమే. పీహెచ్ మీటరు క్రమాంకనం ఒకరోజు సరిగ్గా చేసి, ఇంకోరోజు తొందరలో వదిలేస్తే వచ్చే 0.1 తేడా, 4.3 దగ్గర పీక్‌ని కదిలించడానికి చాలు. 3.0 దగ్గర అదే తేడా దాదాపు కనబడదు.

ఇదంతా తెలిసినవాళ్లకి మామూలు విషయమే. అయితే డిగ్రీ చివరి ఏడాదిలో, ఎవరూ చెప్పకుండా, రెండు పీకుల ప్రవర్తనలో తేడా చూసి అక్కడి నుంచి పీకేఏ వరకూ వెళ్లడం మామూలు కాదు. అంతకంటే నాకు నచ్చింది మధ్యలో చేసిన పని. కారణం తట్టగానే బఫర్ మార్చేసి ఊరుకోలేదు. కావాలనే మూడు పీహెచ్‌ల దగ్గర నడిపి, పీక్ తను అనుకున్న దిక్కుకే కదులుతుందా అని చూసింది. సమస్య పోయేలా చేయడం వేరు, అది ఎందుకు వచ్చిందో నిరూపించడం వేరు. ఆ రెండో పని చేసే అలవాటు ఉన్న విద్యార్థి కోసమే కమిటీలు వెతుకుతాయి.

రాయడానికి కూర్చునే ముందు ఆ అమ్మాయి ల్యాబ్ నోట్‌బుక్ తెప్పించుకోండి. ఎంతో దగ్గరగా చూసిన విషయమైనా కొన్ని నెలలు గడిస్తే మన జ్ఞాపకం దాన్ని చక్కదిద్దేస్తుంది. నోట్‌బుక్‌లో మూడు విషయాలు చూడండి. "పీహెచ్ కావచ్చు" అన్న ఊహ ఏ రోజు పేజీలో ఉంది, అది మీతో మాట్లాడక ముందా, తర్వాతా? మూడు బఫర్ల పరుగుల్లో వచ్చిన రిటెన్షన్ టైములు ఎంత? 3.0కి మార్చాక బెంజోయేట్ ఇంకా ఆలస్యంగా వచ్చి ఉండాలి కదా, దాన్ని ఎలా సర్దింది? మిథనాల్ పాలు పెంచిందా, లేక పరుగు సమయం పొడిగించి ఊరుకుందా? ఈ మూడో ప్రశ్నకి జవాబు దొరికితే లేఖలో తప్పక పెట్టండి. ఒక మార్పు చేస్తే దాని వెనకాల ఇంకో చిక్కు వస్తుందని తెలిసి దాన్నీ చూసుకుందంటే, మొత్తం పద్ధతి ఆ అమ్మాయి చేతిలో ఉందని చదివేవాళ్లకి అర్థమవుతుంది.

క్రియాపదాల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండండి. లేఖలో అతిశయోక్తి ఎక్కువగా దొర్లేది అక్కడే. "కొత్త పద్ధతి రూపొందించింది" అని రాయకండి. బెంజోయేట్, కెఫీన్‌లని సీ18 కాలమ్ మీద విడదీయడం ఎప్పటి నుంచో ఉన్నదే. మీ విద్యార్థి చేసింది ఉన్న పద్ధతిలోని లోపాన్ని కనిపెట్టి, కారణం నిరూపించి, సరిచేయడం. అలాగే రాయండి. కమిటీలో ఉన్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. "రూపొందించింది" అన్న మాట చూస్తే మిగతా లేఖని కూడా అనుమానంగా చదువుతారు. అలాగే ఏది మీరు చెప్పారో, ఏది తను పట్టుకుందో విడివిడిగా రాయండి. "కారణం వెతకమని మాత్రమే చెప్పాను" అని మీరు ఒక్క వాక్యం ఒప్పుకుంటే, మిగతాది తనదేనన్న మాటకి బలం వస్తుంది.

నేనైతే ఆ పేరా ఇలా రాస్తాను. భాష మీ ఇష్టం. అంకెలు నోట్‌బుక్‌తో సరిపోల్చుకుని, అక్కడ లేనిది తీసేయండి.

"ప్రాజెక్టు మధ్యలో బెంజోయేట్ రిటెన్షన్ టైమ్ రోజురోజుకీ 6.2 నుంచి 7.0 నిమిషాల మధ్య మారడం మొదలైంది. కారణం వెతకమని చెప్పాను, అంతకుమించి సూచన ఇవ్వలేదు. అవే పరుగుల్లో కెఫీన్ పీక్ స్థిరంగా ఉందని చూపించి, ఫ్లో రేటు, ఉష్ణోగ్రత, మిథనాల్ పాలు కారణం కావని ఆమె వాదించింది. మా బఫర్ పీహెచ్ 4.3 బెంజోయిక్ ఆమ్లం పీకేఏకి మరీ దగ్గరగా ఉందని గుర్తించి, 4.1, 4.3, 4.5 బఫర్లతో విడివిడిగా నడిపి, పీహెచ్ పెరిగినకొద్దీ పీక్ ముందుకు జరుగుతోందని నిరూపించింది. తర్వాతే బఫర్‌ని 3.0కి మార్చింది. ఆ మార్పు తర్వాత రిటెన్షన్ టైమ్‌లో అలాంటి ఊగిసలాట మళ్లీ కనబడలేదు. మా ల్యాబ్‌లో ఇప్పుడు తర్వాతి బ్యాచ్ విద్యార్థులు ఆమె మార్చిన షరతులతోనే పని చేస్తున్నారు."

చివరి వాక్యం నిజమైతేనే ఉంచండి. నిజమైతే మాత్రం వదలకండి. ఒక విద్యార్థి చేసిన మార్పుని ల్యాబ్ తనదిగా తీసుకుందనడం కంటే గట్టి మెచ్చుకోలు నాకు తెలియదు.

ఇక ఫిజికల్ కెమిస్ట్రీ మార్కులు. దీనికి మీ దగ్గర మంచి జవాబే ఉంది, మీరు గమనించినట్టు లేదు. ఆమ్లం ఎంత విడిపోతుంది, పీహెచ్‌కీ పీకేఏకీ సంబంధం ఏమిటి, నీటికీ కాలమ్‌కీ మధ్య పదార్థం ఎలా పంచుకుంటుంది... ఇవన్నీ ఏ సబ్జెక్టు? ఫిజికల్ కెమిస్ట్రీయే కదా. ఏ సబ్జెక్టులో మార్కులు తక్కువో అదే సబ్జెక్టుని పని మధ్యలో, అవసరమైన చోట, సరిగ్గా వాడింది. కాబట్టి మార్కుల సంగతి ఎత్తండి, ఒక్క వాక్యంలో. "ఫిజికల్ కెమిస్ట్రీలో ఆమె మార్కులు మిగతా వాటికంటే తక్కువ. అయితే సమతాస్థితుల గురించి ఆమెకున్న అవగాహన ఆ మార్కులు చూపేదానికంటే ఎక్కువని పైన చెప్పిన సంఘటన వల్ల నాకు నమ్మకం కలిగింది." ఇంత చాలు. ఈ వాక్యం సంఘటన తర్వాతే రావాలి, ముందు రాకూడదు. ముందు పెడితే సంజాయిషీలా ఉంటుంది.

దీనికో పరిమితి ఉంది. పీకేఏ తర్కం సమతాస్థితుల వరకే సాక్ష్యం. క్వాంటమ్ సిద్ధాంతంలోనో, గతిశాస్త్రంలోనో తను బలంగా ఉందని దీన్నిబట్టి చెప్పలేం. అంతవరకే చెప్పి ఆగండి. మార్కులు తగ్గడానికి అనారోగ్యం, ఇంటి పరిస్థితులు లాంటి కారణం మీకు తెలిసి ఉన్నా, ఆ అమ్మాయి అనుమతి లేకుండా ఒక్క ముక్క రాయకండి. అది తన సొంత విషయం, చెప్పాలనుకుంటే తన వ్యాసంలో తనే చెప్పుకుంటుంది.

"అన్ని పరికరాలూ వాడగలదు" అన్న మాట నిర్మొహమాటంగా కొట్టేయండి. వాడటం అంటే ఏమిటి? ఎవరో సిద్ధం చేసిన హెచ్‌పీఎల్‌సీలో వయల్ పెట్టి బటన్ నొక్కినా వాడటమే. మొబైల్ ఫేజ్ తనే కలిపి, వడగట్టి, గాలి తీసి, కాలమ్ అమర్చి, బేస్‌లైన్ నిలకడ అయ్యేదాకా ఆగి, పని అయ్యాక బఫర్ ఉప్పు మిగలకుండా కడిగి మూసినా వాడటమే. మీ విద్యార్థి ఇందులో ఎక్కడిదాకా చేసిందో రాయండి. ఒక్క పరికరం గురించి ఇంత వివరంగా రాస్తే, ఐదు పరికరాల పేర్లు వరసగా రాసినదానికంటే ఎక్కువ నమ్ముతారు. జీసీ-ఎంఎస్‌ని ఒక ప్రాక్టికల్‌లో దూరం నుంచి చూసి ఉంటే దాని పేరే వద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే రావచ్చు.

ఇంకో మాట. చాలా లేఖల్లో "కాలిబ్రేషన్ గ్రాఫ్‌కి ఆర్-స్క్వేర్ 0.999 సాధించింది" అని గొప్పగా రాస్తారు. అనలిటికల్ వాళ్లకి దానితో తృప్తి కలగదు. పై గాఢతల దగ్గర బిందువులు గీత మీద చక్కగా కూర్చుంటే, కింద ఎంత తప్పున్నా ఆ అంకె బాగానే వస్తుంది. దానికి బదులు, తెలిసినంత బెంజోయేట్‌ని శాంపిల్‌లో కలిపి కొలిస్తే అందులో ఎంత శాతం తిరిగి దొరికిందో రాయండి. ఎన్నిసార్లు చేస్తే ఎంత తేడాలో వచ్చిందో కూడా రాయండి. ఆ పరీక్ష తను చేసి ఉంటే మీ లేఖలో రెండో వివరం అదే కావాలి. చేయకపోతే ఊరుకోండి, మొదటిదే చాలు.

పోలిక ఉండాలి. ఆరేళ్లలో మీరు ఎంతమంది ప్రాజెక్టులు చూశారో లెక్క తీసి, వాళ్లలో ఆ అమ్మాయి ఎక్కడుంటుందో చెప్పండి. "నేను చూసినవాళ్లలో ఉత్తమురాలు" అంటే చూసింది ముగ్గురినా, ముప్పైమందినా అన్నది తెలియదు. పోలికని పనికి కట్టండి. "నేను చూసిన ఇంతమందిలో, కొలతలో తేడా వచ్చినప్పుడు కారణాన్ని ప్రయోగంతో తేల్చినవాళ్లు ఇద్దరే, ఆమె వారిలో ఒకరు" అన్నట్టు. అంకె మీ అనుభవంలోది కావాలి. ఆన్‌లైన్ ఫారంలో పై 5 శాతం, పై 10 శాతం అంటూ గడులుంటాయి. అన్నింటిలోనూ పై గడి టిక్ చేస్తే ఆ పట్టిక వల్ల ఉపయోగం పోతుంది. లేఖలో ఒకలా, గడుల్లో ఒకలా ఉంటే కమిటీ గడుల్ని పక్కన పెట్టదు, లేఖని పక్కన పెడుతుంది. రాతలో ఇంకా మెరుగుపడాలని లేఖలో అంటే, రాత ఉన్న గడిలో ఒక మెట్టు కిందే టిక్ చేయండి.

లోటు చెప్పాలా అని చాలామంది సందేహిస్తారు. ఒకటి చెప్పడమే మంచిదని నా అభిప్రాయం, దాని మీద తను పని చేయడం మీరు చూసి ఉంటే. ఉదాహరణకి మొదట్లో ఫలితాలు కంప్యూటర్ ఇచ్చినట్టే ఐదు దశాంశాలతో రాసేది, తర్వాత పరుగుల మధ్య తేడాని బట్టి ఎన్ని అంకెలు ఉంచాలో తనే నిర్ణయించడం నేర్చుకుంది అనుకోండి. ఇది తప్పు పట్టినట్టు ఉండదు. కొలతకున్న హద్దు ఏమిటో తనకి అర్థమైన క్షణాన్ని చూపినట్టు ఉంటుంది. మీ విద్యార్థి విషయంలో అలాంటిది ఏదో మీకే తెలియాలి. లేనిదాన్ని కల్పించవద్దు.

లేఖ పొడవు ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. మొదట మీరెవరు, ఆ అమ్మాయి మీకు ఎన్నాళ్లుగా, ఏ హోదాలో తెలుసు అన్నది రెండు వాక్యాల్లో. తర్వాత ఆ పేరా. తర్వాత పరికరం మీద తన చేతిపని, మార్కుల వాక్యం, పోలిక. చివర ఏ కోర్సుకి, ఎంత గట్టిగా సిఫారసు చేస్తున్నారో సూటిగా. ఆ కోర్సులో విభజన పద్ధతుల మీద పని చేసే బృందం ఉంటే ఆ మాట కలిపి రాయండి, లేకపోతే అవసరం లేదు.

"మేడమ్ మీకెందుకు శ్రమ, నేనే రాసి తెస్తాను, సంతకం పెట్టండి" అని విద్యార్థి అడిగితే ఒప్పుకోకండి. సొంత వ్యాసం రాసిన చేయే లేఖ కూడా రాస్తే ఒకే వాక్యాలు, ఒకే పదాలు రెండుచోట్లా దొర్లుతాయి. రెండూ పక్కపక్కన చదివేవాళ్లు దాన్ని పట్టేస్తారు. నోట్‌బుక్, ప్రాజెక్టు రిపోర్టు, మార్కుల జాబితా, అప్లై చేస్తున్న కోర్సుల పేర్లు, గడువు తేదీలు మాత్రం అడిగి తీసుకోండి.

తన వ్యాసం కూడా ఒకసారి చదవండి, దిద్దడానికి కాదు. బఫర్ సంగతి అందులో తను ఎలా చెప్పిందో చూడటానికి. "నేను కొత్త పద్ధతి కనిపెట్టాను" అని తను రాసి, "ఉన్న పద్ధతిని సరిచేసింది" అని మీరు రాస్తే, రెండింటిలో ఒకటి అబద్ధమని కమిటీ అనుకుంటుంది, నష్టపోయేది ఆ అమ్మాయే. అలా ఉంటే పిలిచి చెప్పి, వ్యాసంలో ఆ మాట మార్పించండి. పీహెచ్‌లు, నిమిషాలు మీ లేఖలోనూ తన వ్యాసంలోనూ ఒకటే ఉన్నాయో లేదో చూసుకున్నాకే అప్‌లోడ్ చేయండి.